జెట్‌లాగ్: ఏ వేళ ఎండ మేలు, ఏ వేళ ఎండ చేటు

హైదరాబాదు నుంచి న్యూజెర్సీ వెళ్లిన మనిషి విమానం దిగి, పెట్టెలు తీసుకుని, ఇల్లు చేరిపోతాడు. శరీరం మాత్రం ఇంకా చాలా రోజులు హైదరాబాదు వేళల్లోనే నడుస్తుంది. ఎండాకాలంలో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు భోంచేసే అలవాటున్న మనిషికి అక్కడ రాత్రి మూడున్నరకు కడుపులో ఆకలి మొదలవుతుంది. ఇక్కడ రాత్రి పదింటికి పడుకునే వాళ్లకు అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకే కళ్లు మూతలు పడతాయి. కొడుకో కూతురో ఆఫీసు నుంచి వచ్చి కబుర్లు చెబుదామని కూర్చునే సాయంత్రం అయిదున్నర, ఆ పెద్దాయన శరీరం లెక్కలో తెల్లవారుజాము మూడు గంటలు. మాట్లాడుతూనే తూలిపోతాడు. అదే మనిషి అర్ధరాత్రి దాటాక కళ్లు తెరిచి, ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే హాల్లో ఒంటరిగా కూర్చుంటాడు. శరీరంలోని వేళలకూ బయటి వేళలకూ ఇలా పొంతన తప్పడమే జెట్‌లాగ్.

దీన్ని ప్రయాణపు బడలికతో కలపకూడదు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. తేమ తరచుగా 20 శాతానికి లోపే. లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంత తక్కువగా ఉంటుంది. పది పన్నెండు గంటలు కూర్చుంటే కాళ్లు వాస్తాయి, నోరు ఎండుతుంది, తల బరువెక్కుతుంది. ఇదంతా నిజమే కానీ ఒక రాత్రి బాగా నిద్రపోతే తీరిపోతుంది. లండన్ నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు దాదాపు 11 గంటల విమానం. ఆ ప్రయాణం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది, రెండు చోట్లా గడియారంలో తేడా గంటో రెండు గంటలో. అక్కడ దిగినవాళ్లు అలసిపోయి ఉంటారు తప్ప వాళ్లకు జెట్‌లాగ్ రాదు. ఇబ్బంది పెట్టేది ఎంతసేపు ఎగిరారన్నది కాదు, తూర్పుకో పడమరకో ఎన్ని కాలమండలాలు దాటారన్నది.

ఓడల కాలంలో ఈ బాధ ఎవరికీ తెలియదు. బొంబాయిలో ఓడ ఎక్కి లండన్ చేరడానికి వారాలు పట్టేది. అన్ని రోజుల్లో గడియారం అయిదున్నర గంటలే మారాలి కాబట్టి రోజుకు కొన్ని నిమిషాల చొప్పున శరీరం దానంతట అదే సర్దుకునేది. 1931లో వైలీ పోస్ట్, హెరాల్డ్ గ్యాటీ అనే ఇద్దరు చిన్న విమానంలో తొమ్మిది రోజుల లోపే భూమి చుట్టి వచ్చారు. బయల్దేరే ముందు పోస్ట్ తన నిద్ర వేళలను కావాలనే అస్తవ్యస్తం చేసుకుని సాధన చేశాడు. ఒకే వేళకు కట్టుబడ్డ శరీరం దారిలో మొండికేస్తుందని ఆయనకు ముందే తట్టింది.

ఆ మొండితనం ఎక్కడిదన్న ప్రశ్న అంతకంటే పాతది. 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త ద మైరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు లేకపోయినా పగటివేళ దాని ఆకులు విచ్చుకుంటూ, రాత్రివేళ ముడుచుకుంటూనే ఉన్నాయి. మనుషుల విషయంలో ఇలాంటి పరీక్ష 1938లో జరిగింది. నిద్ర మీద పరిశోధన చేసిన నథానియెల్ క్లైట్‌మన్, తన విద్యార్థి ఒకరితో కలిసి అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహలోకి దిగి 32 రోజులు ఉన్నాడు. అక్కడ పగలూ రాత్రీ తెలియవు. ఇద్దరూ రోజుకు 28 గంటలు అన్న లెక్కన తిని, పడుకుని, లేచారు. విద్యార్థి శరీరం కొత్త లెక్కకు లొంగింది. వయసులో పెద్దవాడైన క్లైట్‌మన్ శరీరం మాత్రం 24 గంటల లయను వదల్లేదు.

ఆ లయను నడిపించే కేంద్రం మెదడు అడుగుభాగాన, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన ఉంటుంది. సుమారు 20 వేల నాడీకణాలున్న చిన్న గుంపు అది. కాలేయం, పేగులు, గుండె, కండరాలు, అన్నిటిలోనూ వేటి గడియారాలు వాటికి ఉన్నా వాటికి తాళం వేసేది ఇదే. బయటి నుంచి ఏ సూచనా లేకుండా వదిలేస్తే ఇది సగటున 24 గంటల 10, 12 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుందని హార్వర్డ్ పరిశోధకులు 1999లో తేల్చారు. అంటే చాలామంది శరీరం రోజూ కాస్త ఆలస్యంగా పోవడానికే మొగ్గుతుంది. రోజూ దాన్ని వెనక్కి లాగి 24 గంటలకు సరిచేసేది వెలుతురు.

కంటి వెనక పొరలో చూపు కోసం పనిచేసే కణాలు కాకుండా మరో రకం కణాలు కొన్ని ఉన్నాయి. వాటికి బొమ్మలు తెలియవు. బయట ఎంత వెలుగు ఉందో కొలిచి ఆ కబురు మెదడులోని గడియారానికి పంపడమే వాటి పని. నీలిరంగు వెలుగుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. చూపు పూర్తిగా పోయినా ఈ కణాలు మిగిలి ఉన్న కొందరు అంధులకు నిద్ర వేళలు చక్కగా కుదురుతాయి. ఈ కబురు అందుకున్న గడియారం చీకటి పడే వేళకు మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. మామూలుగా పడుకునే వేళకు రెండు గంటల ముందు అది రక్తంలో పెరగడం మొదలవుతుంది. అదే సమయంలో ఒంటి వేడి మెల్లగా దిగుతూ పోయి, లేచే వేళకు రెండు మూడు గంటల ముందు అన్నిటికంటే తక్కువకు చేరి, మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. రోజూ రాత్రి పదింటికి పడుకుని తెల్లవారి అయిదున్నరకు లేచే మనిషికి ఆ వేళ దాదాపు మూడు గంటలు.

జెట్‌లాగ్ నుంచి బయటపడే ఉపాయం మొత్తం ఈ ఒక్క వేళ చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ దీన్ని మలుపు వేళ అని పిలవవచ్చు. దానికి ముందు కొన్ని గంటల్లో కంట్లో పడే వెలుతురు శరీర గడియారాన్ని ఆలస్యం వైపు నెడుతుంది. అంటే మర్నాడు నిద్ర ఇంకా ఆలస్యంగా వస్తుంది. దాని తరవాత కొన్ని గంటల్లో పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. అంటే మర్నాడు నిద్ర పెందలాడే వస్తుంది. మలుపు వేళకు దగ్గరయ్యే కొద్దీ ఈ రెండు ప్రభావాలూ బలంగా ఉంటాయి. శరీరం లెక్కలో నడిమధ్యాహ్నం అయిన వేళ పడే వెలుతురుకు మాత్రం పెద్దగా బలం ఉండదు. కాబట్టి అదే ఎండ, అదే నడక, రెండు గంటలు అటో ఇటో అయితే ఒకరికి మందు, మరొకరికి దానికి విరుద్ధం. దిగిన వెంటనే పొద్దున్నే ఎండలో తిరిగితే అంతా సర్దుకుంటుందని ప్రయాణికులు ఒకరికొకరు చెప్పుకునే సలహా సగం మందికి పనికొస్తుంది. మిగతా సగం మందికి బాధను ఇంకొన్ని రోజులు పొడిగిస్తుంది.

నిద్ర వేళను ఆలస్యం చేసుకోవడం శరీరానికి సులువు, ముందుకు జరుపుకోవడం కష్టం. దాని సహజమైన చుట్టు 24 గంటలకంటే కాస్త పెద్దది కావడమే ఇందుకు కారణం. పడమరకు వెళ్లినప్పుడు రోజుకు సుమారు గంటన్నర చొప్పున గడియారం సర్దుకుంటుంది, తూర్పుకు వచ్చినప్పుడు సుమారు ఒక గంట చొప్పున. అమెరికా వెళ్లినప్పటి కంటే తిరిగొచ్చాకే ఎక్కువ రోజులు అవస్థ పడ్డామని చాలామంది చెప్పేది ఇందుకే.

ఇక మొదట చెప్పిన ప్రయాణికుడినే తీసుకుని లెక్క వేసి చూడవచ్చు. హైదరాబాదులో ఆయన మలుపు వేళ తెల్లవారుజాము మూడు గంటలు. న్యూజెర్సీ గడియారంలో అది ముందురోజు సాయంత్రం అయిదున్నర. అక్కడి రాత్రిలో కుదురుకోవాలంటే అది అర్ధరాత్రి దాటి మూడింటి దాకా, అంటే తొమ్మిదిన్నర గంటలు ఆలస్యం వైపు జరగాలి. అందువల్ల మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా ఆయన బయట వెలుతురులో ఉండాలి. సరిగ్గా ఆ వేళకే నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి కూర్చుంటే లాభం లేదు, నడుస్తూనో ఎవరితోనైనా మాట్లాడుతూనో గడపాలి. అయిదున్నర దాటాక మాత్రం ఎండ తగలకూడదు. అక్కడ జూన్, జులై నెలల్లో పొద్దు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అందుకే సాయంత్రం ఇంట్లో కర్టెన్లు వేసుకోవడం, బయటికి వెళ్లక తప్పకపోతే చలువ కళ్లద్దాలు పెట్టుకోవడం అవసరం. పగలంతా పడుకుని, పొద్దు వాలుతుండగా చల్లగా ఉందని షికారుకు బయల్దేరడం మొదటి రోజు చేయగల పొరపాట్లలో పెద్దది. మందుగా పనిచేసే వెలుతురు నిద్రలో పోతుంది, చెడగొట్టే వెలుతురు కళ్లలో పడుతుంది.

రెండో రోజుకు మలుపు వేళ రాత్రి ఏడింటికి, మూడో రోజుకు ఎనిమిదిన్నరకు జరుగుతుంది. అప్పటికి పొద్దు గుంకే వేళా అదే కాబట్టి ఇక సాయంత్రం ఎండకు భయపడనక్కర్లేదు. ఎంత తగిలితే అంత మేలు. నాలుగో రోజున పదింటికి, అయిదో రోజున పదకొండున్నరకు చేరేసరికి అది రాత్రి నిద్రలోకి వచ్చేస్తుంది. అక్కడి నుంచి నిద్ర గట్టిపడుతుంది. అయితే ఈ నాలుగు అయిదు రోజుల్లో తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. అలవాటు కొద్దీ వాకింగ్‌కు వెళ్లబుద్ధి పుడుతుంది. అప్పటి పొద్దుటి ఎండ మలుపు వేళ దాటాక పడేది, వచ్చిన దారినే వెనక్కి లాగుతుంది. ఆ నడకను తొమ్మిది దాటాకో, ఇంకా మంచిది సాయంత్రానికో మార్చుకుంటే వారం రోజుల్లో శరీరం న్యూజెర్సీ మనిషిదవుతుంది.

కొన్ని నెలలు అక్కడ ఉండి అదే నిద్ర వేళలకు అలవాటుపడి వేసవిలోనే తిరిగొచ్చారనుకుంటే లెక్క తారుమారవుతుంది. న్యూజెర్సీలో తెల్లవారుజాము మూడు గంటలంటే హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే ఇక్కడ పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ఆయన శరీరానికి రాత్రి. దీన్ని ముందుకు జరపాలంటే మధ్యాహ్నం పన్నెండున్నర తరవాతి వెలుతురు కావాలి, అంతకు ముందుది అసలు వద్దు. విదేశాల నుంచి వచ్చే చాలా విమానాలు శంషాబాద్‌లో తెల్లవారకముందే దిగుతాయి. ఇల్లు చేరి స్నానం చేసి, ఎండలో కాలనీ అంతా తిరిగి పలకరింపులు ముగించుకుని, పదింటికి బ్యాంకు పనికి వెళ్లిన మనిషి తనకు తెలియకుండానే గడియారాన్ని ఆలస్యం వైపు నెట్టుకుంటాడు. ఆ రాత్రి రెండింటికి కూడా నిద్ర రాకపోతే వయసును తిట్టుకుంటాడు. తప్పు వయసుది కాదు, పొద్దుటి ఎండది.

అందువల్ల దిగిన రోజు శంషాబాద్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు తెల్లవారిపోతే నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఇంట్లో మధ్యాహ్నం దాకా కిటికీలు మూసుకోవాలి. కావలిస్తే ఆ చీకట్లో రెండు గంటలు పడుకోవచ్చు. అలారం పెట్టుకుని లేవడం తప్పనిసరి. ఒంటిగంట నుంచి అయిదింటి దాకా వెలుతురులో ఉండాలి. మే నెల ఎండలో బయట తిరగమని ఎవరూ చెప్పరు. అక్కర్లేదు కూడా. ఎర్రటి ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటే, చెట్టు నీడలోనో వరండాలోనో పదివేల దరిదాపుల్లో ఉంటుంది. గడియారాన్ని జరపడానికి అది చాలు. ఇంటి లోపల ట్యూబులైటు కింద మాత్రం వంద నుంచి మూడువందల లక్స్ మించదు. కంటికి రెండు చోట్లా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు, శరీర గడియారానికి తెలుస్తుంది. లైట్లన్నీ వేసుకుని హాల్లో కూర్చోవడం వరండాలో కూర్చోవడానికి సాటి రాదు.

రెండో రోజు మలుపు వేళ పదకొండున్నర, మూడో రోజు పదిన్నర, ఆ తరవాత తొమ్మిదిన్నర, ఎనిమిదిన్నర. ఆ వేళ దాటాకే వెలుతురులోకి వెళ్లాలన్న ఒక్క నియమం పాటిస్తే, వారం గడిచేసరికి అది సూర్యోదయానికి దగ్గరపడుతుంది, పొద్దుటి నడక మళ్లీ మొదలుపెట్టవచ్చు. పూర్తిగా కుదురుకోవడానికి తొమ్మిది పది రోజులు పడుతుంది.

కాలిఫోర్నియా నుంచి వచ్చేవారికి ఈ లెక్క పనికిరాదు. అక్కడికీ ఇక్కడికీ తేడా ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు. అక్కడి తెల్లవారుజాము మూడు గంటలు ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. శరీరాన్ని ముందుకు జరపాలంటే పన్నెండున్నర గంటలు జరపాలి, ఆలస్యం వైపు నెడితే పదకొండున్నర గంటలే, అదీ సులువైన దారి. అందువల్ల శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన మనిషికి పొద్దున్నుంచి రెండున్నర దాకా వెలుతురు మేలు చేస్తుంది. మొదటి రెండు రోజులు సాయంత్రపు ఎండ తగలకుండా చూసుకుంటే చాలు. ఒకే ఇంటికి ఒకే రోజు ఒక కూతురు న్యూజెర్సీ నుంచి, ఇంకో కూతురు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వస్తే ఇద్దరికీ ఒకే సలహా చెప్పకూడదు.

న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లలో కూడా మామూలుగానే అర్ధరాత్రి దాటాక పడుకునే అలవాటున్న కుర్రవాళ్లు ఆలస్యం వైపే సర్దుకోవచ్చు. పద్నాలుగున్నర గంటలు జరగాలి, రోజుకు గంటన్నర చొప్పున దానికీ దాదాపు పది రోజులే. పెందలాడే పడుకుని కోడి కూతకు లేచే పెద్దవాళ్లకు ముందుకు జరిపే దారే నయం. ఏ దారి పట్టినా దాని మీదే ఉండాలి. ఒకరోజు పొద్దుటి ఎండ, ఒకరోజు సాయంత్రపు ఎండ అని కలిపితే గడియారం అటూ ఇటూ ఊగుతూ ఉన్నచోటే నిలిచిపోతుంది.

ఈ లెక్కలకు హద్దులున్నాయి. మలుపు వేళ అందరికీ ఒకటి కాదు. అలారం లేకుండా, సెలవురోజుల్లో దానంతట అదే మెలకువ వచ్చే వేళను చూసుకుని రెండు మూడు గంటలు వెనక్కి లెక్కపెడితే దాదాపుగా తెలుస్తుంది. గంట అటూ ఇటూ పొరపాటు రావచ్చు. అందుకే ఆ వేళకు ముందు గంట, తరవాత గంట ఎండకు దూరంగా ఉండి, మిగతా సమయాన్ని వాడుకోవడం క్షేమం. నవంబరు మొదటి వారం నుంచి మార్చి రెండో వారం దాకా అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి శీతాకాలపు ప్రయాణాలకు ఒక గంట కలిపి లెక్క వేసుకోవాలి.

చికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో చార్మేన్ ఈస్ట్‌మన్, హెలెన్ బర్జెస్ ఈ వెలుతురు లెక్కల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. బయల్దేరక ముందే గడియారాన్ని జరపడం మొదలుపెట్టవచ్చని వాళ్లు చూపించారు. అమెరికా వెళ్లే ముందు మూడు రోజుల పాటు రోజుకు గంట చొప్పున ఆలస్యంగా పడుకుని, ఆలస్యంగా లేస్తూ, రాత్రిపూట లైట్ల వెలుగులో ఉంటే అక్కడికి చేరేసరికి రెండు మూడు గంటలు కలిసొస్తాయి. తిరిగొచ్చే ముందు దీనికి ఎదురు చేయాలి. రోజుకు గంట ముందు పడుకుని, గంట ముందు లేచి, లేవగానే వెలుతురులోకి వెళ్లాలి. పెట్టెలు సర్దుకునే హడావుడిలో ఇది కుదరడం కష్టమే. ఒక్క గంట జరిగినా ఆ మేరకు ఒక రోజు బాధ తగ్గుతుంది.

మెలటోనిన్ మాత్రల గురించి వినని ప్రయాణికులు ఇప్పుడు తక్కువ. 2002లో కాక్రేన్ సంస్థ తరఫున అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూశారు. అయిదు అంతకంటే ఎక్కువ కాలమండలాలు దాటినవాళ్లు దిగిన చోట పడుకునే వేళకు దీన్ని వేసుకుంటే జెట్‌లాగ్ తగ్గుతుందని తేలింది. అర మిల్లీగ్రాము మోతాదు అయిదు మిల్లీగ్రాములంత పనీ చేసింది, పెద్ద మోతాదుతో నిద్ర కాస్త తొందరగా పట్టింది, అంతే తేడా. ఇది నిద్రమాత్ర కాదు, చీకటి పడిందన్న కబురు. అందుకే పగటివేళ వేసుకుంటే మత్తు రావడమే కాక సర్దుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. అమెరికాలో దీన్ని చీటీ లేకుండానే అమ్ముతారు, కానీ డబ్బా మీద రాసిన మోతాదును నమ్మలేం. 2023లో అక్కడి పరిశోధకులు 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో రాసినదానికీ ఉన్నదానికీ పొంతన లేదు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు.

తిండి కూడా ఒక కబురే, కాకపోతే అది తలలోని గడియారానికి కాక కాలేయానికీ పేగులకూ అందుతుంది. దిగిన రోజు నుంచే అక్కడి వేళలకు తినడం వాటిని తొందరగా దారిలో పెడుతుంది. రాత్రి మూడున్నరకు ఆకలేస్తే ఒక అరటిపండో గ్లాసు మజ్జిగో చాలు. అన్నం కలుపుకుని కూర్చుంటే పేగులకు ఇది మధ్యాహ్నమే అన్న నమ్మకం కుదిరిపోతుంది. కాఫీ పగటి మత్తును ఆపుతుంది. అయితే తాగినదాంట్లో సగం కరగడానికే అయిదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక మానేయాలి. పగలు ఇక నిలవలేనంత నిద్ర వస్తే ఇరవై, ముప్పై నిమిషాల కునుకు తీయవచ్చు. మూడు గంటలు పడుకుంటే రాత్రికి దాచిన నిద్రంతా పగలే ఖర్చయిపోతుంది. నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు ఫోను తీసి ఇండియాలో వాళ్లతో మాట్లాడటం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ వేళకు అక్కడ అందరూ మెలకువగా ఉంటారు మరి. పడకగది చీకటిగానే ఉంచి, దీపం లేకుండా మాట్లాడితే కొంత నయం.

శరీరం సర్దుకున్న సంగతి మొదట నిద్రలో కాక మెలకువలో తెలుస్తుంది. అలారం లేకుండా రోజూ దాదాపు ఒకే వేళకు లేవడం, సాయంత్రం హఠాత్తుగా వచ్చే తూగు పోవడం మొదటి గుర్తులు. పేగులు అన్నిటికంటే ఆలస్యంగా దారికొస్తాయి. నిద్ర కుదిరిన తరవాత కూడా రెండు మూడు రోజులు మలబద్ధకం ఉండడం మామూలే. పదిహేను రోజులు గడిచినా నిద్ర పట్టకపోతే అది జెట్‌లాగ్ కాకపోవచ్చు, డాక్టరుకు చూపించుకోవాలి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ప్రయాణానికి ముందే ఈ లెక్కలు డాక్టరుతో మాట్లాడుకోవాలి. అమెరికా వెళ్లేటప్పుడు ఆ రోజు ఎన్నో గంటలు పొడవవుతుంది, తిరిగొచ్చేటప్పుడు అంతే పొట్టిదవుతుంది. గడియారం చూసి ఎప్పటిలాగే సూది వేసుకుంటే ఒకసారి రెండు మోతాదుల మధ్య దూరం పెరిగి చక్కెర ఎక్కుతుంది, మరోసారి రెండూ దగ్గరపడి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఏ విమానంలో ఏ వేళకు ఎన్ని యూనిట్లు వేసుకోవాలో కాగితం మీద రాయించుకుని, మందులన్నీ చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

రెండు మూడు రోజుల పని మీద వెళ్లి వెంటనే తిరిగొచ్చేవారు శరీరాన్ని జరపడానికి ప్రయత్నించకపోవడమే తెలివైన పని. సగం జరిగేసరికి మళ్లీ వెనక్కి రావాలి. అలాంటివాళ్లు వీలైనంత వరకు ఇంటి వేళల్లోనే పడుకుని, ముఖ్యమైన సమావేశాలను తమ శరీరం లెక్కలో పగలయ్యే వేళకు పెట్టుకోవచ్చు. హైదరాబాదు నుంచి న్యూజెర్సీ వెళ్లినవారికి అది అక్కడి పొద్దున ఏడు నుంచి తొమ్మిది గంటల మధ్య.